ఆదివారం చూసిన ఇల్లు, సోమవారం వెళ్లే ఆఫీసు

అనంతపురంలో అద్దె ఇల్లు వెతికేవాళ్లు ఎక్కువగా ఆదివారమే తిరుగుతారు. మిగతా రోజుల్లో తీరిక ఉండదు. ఓనరు గేటు దగ్గర నిలబడి, "సప్తగిరి సర్కిలా? పది నిమిషాలు కూడా పట్టదు సార్" అంటాడు. అనుమానం తీరక అక్కడే ఫోను తీసి గూగుల్ మ్యాప్స్‌లో చూస్తే నిజంగానే తొమ్మిది నిమిషాలని వస్తుంది. ఓనరూ అబద్ధం చెప్పలేదు, మ్యాపూ తప్పు చెప్పలేదు. ఆదివారం పొద్దున పదకొండు గంటలకు అది తొమ్మిది నిమిషాల దారే. కాకపోతే ఆ దారిలో వెళ్లాల్సింది సోమవారం తొమ్మిదింబావుకు.

మ్యాప్‌లో దారి అడగగానే వచ్చే టైము ఆ క్షణానిది. అక్కడ Leave now అని ఉన్న చోట నొక్కితే Depart at, Arrive by అనే రెండు ఎంపికలు కనిపిస్తాయి. ఫోనులో ఇవి పైన మూడు చుక్కల మెనూలో ఉండొచ్చు. Depart at ఎంచుకుని రోజు, గంట ఇస్తే మ్యాపు ఒకే అంకె చెప్పదు. మామూలుగా 10 నుంచి 22 నిమిషాలు అన్నట్టు రెండు అంకెలు ఇస్తుంది. ఇళ్లను పోల్చడానికి పనికొచ్చే సమాచారమంతా ఆ రెండు అంకెల మధ్యే ఉంది. చాలామంది మొదటి అంకె చూసి మ్యాపు మూసేస్తారు.

ఈ రెండు అంకెలు ఎక్కణ్నుంచి వస్తాయో తెలిస్తే ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. రోడ్డు మీద కదిలే ఫోన్లు పంపే లొకేషన్ల నుంచి ఏ ముక్క ఏ రోజు, ఏ గంటకు ఎంత వేగంతో సాగిందో గూగుల్ కూడబెడుతుంది. రాబోయే సోమవారం తొమ్మిదింబావు గురించి అడిగితే ఆ పాత సోమవారాల తీరును బట్టి జవాబు చెబుతుంది. చిన్న అంకె దారి కలిసొచ్చిన రోజుది, పెద్ద అంకె కలిసిరాని రోజుది. నెలకు ఎన్నిసార్లు కలిసిరాదో ఆ అంకెలు చెప్పవు. రేపు పొద్దున ఏ లారీ ఆగిపోతుందో ఎలాగూ చెప్పలేవు. అంటే ఇది జోస్యం కాదు, ఆ రోడ్డు అలవాటు. ఇల్లు తీసుకునేవాడికి కావాల్సింది కూడా అలవాటే, ఎందుకంటే కనీసం 11 నెలలు ఆ రోడ్డు మీదే తిరగాలి.

అనంతపురంలాంటి ఊళ్లో ఒక చిక్కు ఉంది. బెంగళూరులో రద్దీ పొద్దున మొదలైతే మధ్యాహ్నం దాకా సాగుతుంది, కాబట్టి టైము కొంచెం అటూఇటూ చేసి అడిగినా జవాబులో పెద్ద తేడా రాదు. ఇక్కడ రద్దీ ఇరుకైనది. స్కూలు ఆటోలు, కాలేజీ బస్సులు, ఆఫీసు బండ్లు అన్నీ ఎనిమిదిన్నర నుంచి పది లోపే రోడ్డెక్కుతాయి. ఎనిమిదింబావుకు ఖాళీగా ఉన్న కూడలి తొమ్మిదింటికి నిండిపోతుంది, పదింబావుకు మళ్లీ ఊపిరి తీసుకుంటుంది. అందువల్ల ఒకే టైముకు అడిగి పోలిస్తే మోసపోతాం. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా పావుగంటకోసారి టైము మార్చి, పెద్ద అంకె ఎప్పుడు పెరుగుతోందో, ఎప్పుడు తగ్గుతోందో చూడాలి. ఒక్కో ఇంటికి ఐదు చూపులు, మొత్తం మూడు ఇళ్లకు ఇరవై నిమిషాల పని. Arrive by కూడా వాడొచ్చు గానీ అది ఒక జవాబే ఇస్తుంది. ఐదు నిమిషాలు ముందు బయల్దేరితే ఎంత కలిసొస్తుందో అందులో కనబడదు.

ఇప్పుడొక కేసు తీసుకుందాం. ఆఫీసు సప్తగిరి సర్కిల్ దగ్గర. 9:50కి సీట్లో ఉండాలి. బండి పెట్టి మెట్లెక్కడానికి ఐదు నిమిషాలు వదిలేస్తే 9:45కి గేటు దగ్గరుండాలి. మూడు ఇళ్లు నచ్చాయి: ఒకటి రాంనగర్‌లో, రెండున్నర కిలోమీటర్లు, ఒకటి రుద్రంపేట బైపాస్ దగ్గర, నాలుగున్నర, మూడోది ఊరి బయట బుక్కరాయసముద్రంలో, ఏడు. అద్దెలు వరసగా 9,500, 8,500, 6,500 రూపాయలు. ఈ దూరాలు, అద్దెలు, కింద వచ్చే నిమిషాలు పద్ధతి చూపించడానికి వేసుకున్నవే. ఎవరి ఇంటికి వాళ్లు మ్యాప్‌లో చూసుకోవాల్సిందే.

సోమవారం 9:15కి Depart at ఇచ్చి చూస్తే రాంనగర్ ఇంటికి 10 నుంచి 22 నిమిషాలు వచ్చాయనుకుందాం. రుద్రంపేట ఇంటికి 12 నుంచి 18. బుక్కరాయసముద్రానికి 16 నుంచి 22. చిన్న అంకెలు చూస్తే వరస మనం అనుకున్నట్టే ఉంది, దగ్గర ఇల్లు దగ్గరే. పెద్ద అంకెలు చూస్తే కథ మారిపోయింది. రెండున్నర కిలోమీటర్ల ఇల్లు, ఏడు కిలోమీటర్ల ఇల్లు రెండూ 22 దగ్గరే ఆగాయి. లేటు కాకూడదనుకునే మనిషి పెద్ద అంకెను బట్టే బయల్దేరతాడు. రాంనగర్ నుంచి 9:23కి, బుక్కరాయసముద్రం నుంచి 9:23కి, రుద్రంపేట నుంచి 9:27కి. ఊరి నడుమ ఇల్లు తీసుకుని, ఊరి బయట ఉన్నవాడితో పాటే గడియారం చూసుకుంటూ టిఫిన్ తినాల్సి వచ్చిందన్నమాట.

దగ్గర ఇంటికి అంకెల మధ్య అంత ఎడం ఎందుకు? దూరం తక్కువైనా ఆ కొద్ది దారిలో ఆగాల్సిన చోట్లు ఎక్కువుంటే ఇలా వస్తుంది. ఒక కూడలిలో నాలుగు నిమిషాలు నిలబడితే పది నిమిషాల ప్రయాణంలో అది పెద్ద వాటా. ఊరి బయటి దారిలో మొదటి నాలుగైదు కిలోమీటర్లు బండి ఒకే వేగంతో సాగుతుంది, చివరి రెండు కిలోమీటర్లలోనే అదృష్టం తేలాలి. దారిలో రైల్వే గేటుంటే ఎడం ఇంకా పెరుగుతుంది. గేటు పడిన రోజు, పడని రోజు రెండూ కలిసి ఆ రెండు అంకెలయ్యాయి. గేటు ఏ నిమిషానికి పడుతుందో మ్యాపు చెప్పదు గానీ, గేటు పక్క టీ కొట్టువాడు ఠంచనుగా చెబుతాడు. పట్టాల మీద వంతెన ఎక్కి వెళ్లే దారి కొంచెం చుట్టైనా ఎడం తక్కువుంటే అదే మేలు.

అంతమాత్రాన రాంనగర్ ఇల్లు దండగని కాదు. 9:23కి బయల్దేరిన మనిషి చాలా రోజులు 9:35కే ఆఫీసు గేటు దగ్గరుంటాడు. ఆ పది నిమిషాలు ఆఫీసు కిందే టీ తాగడానికి పోతాయి. అవి ఇంట్లో మిగిలిన నిమిషాలు కావు, కానీ బండి మీద పొగ పీల్చిన నిమిషాలూ కావు. ఏది ముఖ్యమో మనిషిని బట్టి ఉంటుంది. పసిపిల్ల ఉన్న ఇంట్లో ఎన్నింటికి గడప దాటాలన్నదే లెక్క. నడుంనొప్పి ఉన్నవాళ్లకు బండి మీద ఎంతసేపన్నదే లెక్క. రెంటినీ కలిపి సగటు కడితే రెండూ కనబడకుండా పోతాయి.

సాయంత్రాన్ని వేరుగా చూడాలి, దారి తిరగేసి. పొద్దున టైమునే రెండింతలు చేసుకోవడం అందరూ చేసే పొరపాటు. సాయంత్రం ఆరు దాటాక రోడ్డు మీద ఉండేది స్కూలు ఆటోలు కావు, బజారు. తోపుడుబండ్లు, కొట్ల ముందు పెట్టేసిన బైకులు, ఊళ్లకు తిరిగి వెళ్లే బస్సులు. 6:15కి ఆఫీసు నుంచి బయల్దేరితే రాంనగర్‌కు 9 నుంచి 20, రుద్రంపేటకు 13 నుంచి 24, బుక్కరాయసముద్రానికి 16 నుంచి 28 వచ్చాయనుకుందాం. పొద్దున కుదురుగా కనిపించిన రుద్రంపేట దారి సాయంత్రం పదకొండు నిమిషాల ఎడంతో ఊగుతోంది. సాయంత్రం లేటైతే హాజరు పోదు కాబట్టి ఇక్కడ పెద్ద అంకెకు అంత భయపడక్కర్లేదు, మధ్యస్థంగా చూసుకోవచ్చు.

ఆ లెక్కన పొద్దున, సాయంత్రం మధ్య అంకెలు కలిపితే రాంనగర్ ఇంటికి రోజుకు సుమారు 30 నిమిషాలు, బుక్కరాయసముద్రానికి 41. నెలకు 25 పనిదినాలకు తేడా నాలుగున్నర గంటలు. అద్దెలో మిగిలేది 3,000. రోజూ అదనంగా తొమ్మిది కిలోమీటర్లు, నెలకు 225. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండైతే ఐదు లీటర్ల పెట్రోలు, సుమారు 550 రూపాయలు. అంటే నెలకు నాలుగున్నర గంటలు ఇచ్చి 2,450 రూపాయలు తీసుకుంటున్నట్టు. ఆ బేరం గిట్టుతుందో లేదో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఏడు కిలోమీటర్లు అనగానే వద్దనేయడం కంటే ఇది నయం.

దారిలో పిల్లను స్కూల్లో దింపాలంటే మ్యాపు కొంచెం మొండికేస్తుంది. మధ్యలో ఆగే చోటు చేర్చగానే బయల్దేరే టైము ఎంచుకునే వీలు సాధారణంగా పోతుంది. అప్పటికప్పటి టైమే చూపిస్తుంది. కాబట్టి ప్రయాణాన్ని ముక్కలు చేసి అడగాలి. మొదట ఇంటి నుంచి స్కూలుకు 8:35కి. పెద్ద అంకె 14 వస్తే 8:49. గేటు దగ్గర దింపి, బ్యాగు తగిలించి, బండి తిప్పుకునేసరికి ఐదు నిమిషాలు. ఆ తర్వాత స్కూలు నుంచి ఆఫీసుకు 8:54కి అడగాలి. ఇక్కడ ఒక విషయం బయటపడుతుంది. రెండో ముక్క పావుగంటే పట్టినా 9:10 లోపే ఆఫీసు గేటు దగ్గరుంటారు, ఇంకా 35 నిమిషాలు మిగిలాయి. రోజూ అలా కాచుకుని కూర్చోవడం ఎవరికీ ఇష్టముండదు. మళ్లీ ఇంటికొచ్చి వెళ్తారు. అప్పుడు ముక్కలు మూడు: ఇల్లు–స్కూలు, స్కూలు–ఇల్లు, ఇల్లు–ఆఫీసు. స్కూలు దారి రెండుసార్లు, ఆఫీసు దారి ఒకసారి. అలాంటి ఇంటికి ఆఫీసు దగ్గరకంటే స్కూలు దగ్గర ఉండటమే ఎక్కువ ముఖ్యం. మూడు ముక్కలు వేరువేరుగా అడిగితే తప్ప ఇది తట్టదు.

ఇక అంకెలు తప్పుగా వచ్చే చోట్లు. అన్నిటికంటే ఎక్కువగా చెడగొట్టేది ఇంటి గుర్తు. వెతికే పెట్టెలో "రుద్రంపేట" అని కొడితే మ్యాపు ఆ ప్రాంతంలో ఎక్కడో తనకు తోచిన చోట గుర్తు పెడుతుంది. చూసిన ఇల్లు అక్కణ్నుంచి కిలోమీటరు లోపలికి, మట్టిరోడ్డు చివర ఉండొచ్చు. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడే గేటు ముందు నిలబడి మ్యాప్ మీద వేలు నొక్కిపట్టి పిన్ను వేసి సేవ్ చేసుకుంటే ఈ బాధ ఉండదు. ఆఫీసుకూ అంతే. పెద్ద ఆవరణకు ముందు గేటొకటి, బండ్లు వెళ్లే గేటొకటి ఉంటాయి. రోడ్డుకు అవతలి వైపు గేటైతే యూటర్న్ కోసం అర కిలోమీటరు ముందుకెళ్లి రావాలి.

రెండోది, రోజు. గంట మార్చి తేదీ మార్చడం మర్చిపోతే ఆదివారం తొమ్మిదింబావు టైము వస్తుంది. అది ఎంత హాయిగా ఉంటుందో చెప్పక్కర్లేదు. రెండో శనివారాలు, పండగ రోజులు కూడా వద్దు. పండగ లేని వారంలో సోమవారం ఒకసారి, బుధవారమో గురువారమో ఒకసారి చూస్తే చాలు. బదిలీలు ఎక్కువగా మే, జూన్ నెలల్లో వస్తాయి కాబట్టి ఇళ్ల వేట కూడా వేసవి సెలవుల్లోనే సాగుతుంది. అప్పుడు రోడ్ల మీద స్కూలు ఆటోలే ఉండవు. మేలో చూసుకున్న అంకెల్ని, జూన్ రెండో వారంలో బడులు తెరిచాక మళ్లీ చూడాలి. అడ్వాన్సు అప్పటికే ఇచ్చేసి ఉంటే చేసేదేమీ లేదు గానీ, కనీసం బయల్దేరే టైమైనా సర్దుకోవచ్చు.

మూడోది అంత సులువుగా కంటికి కనబడదు. చిన్న సందుల్లో, కొత్త లేఅవుట్లలో తగినన్ని ఫోన్లు తిరగవు. అక్కడ మ్యాపు దగ్గర పాత వేగాలు లేకపోతే రోడ్డు రకాన్ని బట్టి ఒక వేగం అనుకుని లెక్క కడుతుంది. జవాబు మాత్రం అంతే ధీమాగా ఇస్తుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. ఇంటి నుంచి మెయిన్ రోడ్డు దాకా ఉన్న ముక్కను మాత్రమే తీసుకుని, తెల్లవారుజామున మూడింటికి ఎంత, పొద్దున తొమ్మిదింబావుకు ఎంత అని అడగాలి. రెండు జవాబులూ ఒకటే అయితే అర్థం రెండే: ఆ సందులో నిజంగా రద్దీ లేదు, లేదా మ్యాపుకు ఆ సందు తెలియదు. ఏది నిజమో తేల్చుకోవాలంటే ఒకసారి వెళ్లి చూడాల్సిందే. సందు మొదట్లో కల్యాణ మండపమో కూరగాయల బండ్ల వరసో ఉంటే రెండోదే అనుకోవాలి.

వాహనం సంగతి కూడా ఉంది. గూగుల్ మ్యాప్స్‌లో టూవీలర్ మోడ్ 2017 డిసెంబరులో మన దేశంలోనే మొదలైంది. బండి మీద వెళ్లేవాళ్లు కారు గుర్తు మీద వచ్చిన అంకెలు చూసి ఇల్లు వదులుకోవడం అన్యాయం. కారు ఇరుక్కునే చోట బైకు పక్క నుంచి జారుకుంటుంది, కాబట్టి సాధారణంగా తగ్గేది పెద్ద అంకే. పైన లెక్కలో రాంనగర్ 22 బైకు మోడ్‌లో 16 అయితే తీర్పు తిరగబడుతుంది, దగ్గర ఇల్లు మళ్లీ దగ్గరవుతుంది. షేర్ ఆటోలో వెళ్లేవాళ్లకు మ్యాపు సగమే ఉపయోగం, ఎందుకంటే ఆటో నిండేదాకా నిలబడే టైము దానికి లెక్కే కాదు.

వాన గురించి మ్యాపు మౌనం. అనంతపురంలో వాన ఎప్పుడొస్తుందిలే అని నవ్వుకోవచ్చు గానీ, 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలు నీళ్లలో ఉండిపోయిన సంగతి ఊరివాళ్లు మర్చిపోలేదు. ఏడాదిలో రెండు మూడు రోజులే జరిగే సంగతి మామూలు రోజుల లెక్కలో కలిసి కనబడకుండా పోతుంది. దానికి పక్కింటివాళ్లను అడగడం తప్ప దారి లేదు. వాన పడ్డప్పుడు ఈ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయమ్మా అంటే గోడ మీద మరక చూపిస్తారు.

రెండిళ్లు మిగిలాక, అడ్వాన్సు ఇచ్చే ముందు, ఒక పనిరోజు పొద్దున ఆ ఇంటి గేటు నుంచి ఆఫీసుకు నిజంగా బయల్దేరి చూడటం మంచిది. పెద్ద అంకె లెక్కతో వచ్చిన టైముకే బయల్దేరాలి, పది నిమిషాలు ముందు కాదు. పట్టిన టైము మ్యాపు చెప్పిన రెండు అంకెల మధ్య పడితే ఆ దారి వరకు మ్యాపును నమ్మొచ్చు. పెద్ద అంకె దాటిపోతే ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోవాలి. రోడ్డు తవ్వకం దగ్గరైతే అది కొన్నాళ్లకు పోతుంది. కూడలి దగ్గరో స్కూలు గేటు దగ్గరో అయితే ఇంకో రోజు కూడా అదే టైముకు వెళ్లి చూడాలి. రెండు రోజులూ అక్కడే ఆగితే ఆ ఇంటికి మ్యాపు పెద్ద అంకె మీద ఇంకో ఐదు నిమిషాలు వేసుకుని, రెండో ఇంటితో మళ్లీ పోల్చుకోవాలి.